ఆఖరి మూడు పెగ్గులు: దేవరకొండ దగ్గర ఒక వంపు, దాని వెనక ఒక శ్రేణి

దేవరకొండ నుంచి డిండి వైపు వెళ్లే ప్రాంతంలో ఒక పాత రోడ్డును వెడల్పు చేసే పని అది. ఒకచోట రోడ్డు గుట్టను చుట్టుకుని చెరువు కట్ట పక్కగా తిరుగుతుంది. పాత వంపు బాగా ఇరుకు కాబట్టి దాన్ని తీసేసి 100 మీటర్ల వ్యాసార్థంతో కొత్త వంపు డిజైన్ చేశారు. డిజైన్ వేగం గంటకు 50 కిలోమీటర్లు. మా బృందానికి వచ్చింది సర్వే పని మాత్రమే. డ్రాయింగ్‌లో ఉన్న మధ్యరేఖను నేల మీద పెగ్గులుగా దించాలి.

తిన్నని రోడ్డు నుంచి ఒక్కసారిగా 100 మీటర్ల వృత్తంలోకి బండిని తిప్పలేం. స్టీరింగ్ నెమ్మదిగా తిరగాలి, రోడ్డు వాలు కూడా నెమ్మదిగా మారాలి. అందుకే మధ్యలో ట్రాన్సిషన్ కర్వ్ పెడతారు. మన రోడ్లకు ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్, అంటే ఐఆర్‌సీ, సిఫారసు చేసేది స్పైరల్‌ను. దాని మీద ఎంత దూరం వెళ్తే వక్రత అంత పెరుగుతుంది, మొదట్లో సున్నా, చివర్లో 1/R. స్పైరల్ ఎంత పొడవు ఉండాలో చెప్పే ఐఆర్‌సీ సూత్రాల్లో మైదానానికి, ఎత్తుపల్లాల నేలకు వాడేది 2.7V²/R, ఇందులో V డిజైన్ వేగం, R వ్యాసార్థం. ఇక్కడ అది 67.5 మీటర్లు వచ్చింది, డ్రాయింగ్‌లో 70 అని గుండ్రం చేశారు. కాబట్టి R = 100, స్పైరల్ పొడవు L = 70. వంపుకు రెండు వైపులా ఇలాంటి స్పైరల్స్ రెండు ఉన్నాయి.

వృత్తం భాగాన్ని డ్రాయింగ్‌లో ఇచ్చిన కేంద్రం నుంచి, కోణాలు, దూరాలు కొలిచే టోటల్ స్టేషన్‌తో దించారు. స్పైరల్ భాగానికి కాంట్రాక్టర్ మనుషులు తమ దగ్గర చాలాకాలంగా తిరుగుతున్న ఒక ఎక్సెల్ షీట్ వాడారు. రెండు పనులూ అయ్యాక మా జూనియర్ ఫోన్ చేశాడు.

"సార్, స్పైరల్ ఆఖరి పెగ్గు, వృత్తం మొదటి పెగ్గు కలుస్తలేవు. స్పైరల్‌ది బయటికున్నది, జానెడు కన్నా ఎక్కువే. మొదట్ల పెగ్గులు మాత్రం మంచిగనే ఉన్నయి."

ఆఖరి మాటే నాకు అసలు ఆధారం. కొలత తప్పయితే, అంటే స్టేషన్ దిశ తప్పుగా పట్టి ఉంటే, తేడా మొదటి పెగ్గు నుంచే కనబడుతుంది, దూరంతో పాటు సమానంగా పెరుగుతుంది. మొదటి 40 మీటర్లు బాగుండి చివర్లో ఒక్కసారిగా విరుచుకుపడే తేడా కొలత తప్పులా ఉండదు. అలాంటిది సాధారణంగా సూత్రంలోనే ఉంటుంది, ఎక్కడో ఒక పెద్ద ఘాతాన్ని వదిలేసి ఉంటారు.

షీట్ తెరిపించి చూస్తే ఉన్నవి రెండే నిలువు వరుసలు. స్పైరల్ మొదలైన చోటు నుంచి దాని వెంట దూరం s అయితే, టాంజెంట్ వెంట, అంటే తిన్నని రోడ్డు గీత వెంట, x = s, టాంజెంట్ నుంచి పక్కకు y = s³/(6RL). ఇది కొత్త సూత్రమేమీ కాదు, పాత చేతి పుస్తకాల్లో అందరూ వాడిందే. ఎక్కడిదాకా వాడొచ్చో షీట్‌లో రాసి లేదు, అంతే.

ఆ సూత్రం ఎక్కడి నుంచి వచ్చిందో చూస్తే దాని హద్దు కూడా తెలుస్తుంది. s దగ్గర వక్రత s/(RL). దాన్ని సున్నా నుంచి s దాకా సమాకలనం చేస్తే రోడ్డు దిశ టాంజెంట్ నుంచి ఎంత తిరిగిందో వస్తుంది:

θ = s²/(2RL)

మన కేసులో 2RL = 14000. చివర్లో s = 70 పెడితే θ = 4900/14000 = 0.35 రేడియన్లు, అంటే 20 డిగ్రీలకు ఓ పిసరు ఎక్కువ. ఇక ఆ దిశలో చిన్న అడుగు ds వేస్తే టాంజెంట్ వెంట cos θ ds, పక్కకు sin θ ds జరుగుతాం. అన్ని అడుగులూ కలిపితే

x = ∫ cos(s²/14000) ds
y = ∫ sin(s²/14000) ds

ఇక్కడే చిక్కు. ఈ రెండు సమాకలనులకూ మామూలు జవాబు లేదు. జూనియర్ ఇంటర్‌లో నేర్చుకున్న పద్ధతిలో "sin కి −cos రాసి, లోపలి దాని అవకలజంతో భాగిస్తే సరిపోదా సార్?" అని అడిగాడు. రాసి చూడమన్నాను: −cos(s²/14000) ÷ (s/7000). ఆ భాగహారంలో s ఉంది, స్థిరాంకం కాదు. జవాబును తిరిగి అవకలనం చేస్తే sin తో పాటు ఇంకో పదం కూడా వచ్చి కూర్చుంటుంది. పైగా s సున్నాకు దగ్గరయ్యే కొద్దీ ఆ జవాబు అనంతానికి పోతుంది. స్పైరల్ మొదట్లో y సున్నా కావాలి కదా. మనకు చేతకాక కాదు, బహుపదులు, మూలాలు, ఘాతాంకాలు, లాగరిథంలు, త్రికోణమితి ప్రమేయాలు ఎన్ని కలిపినా ఈ సమాకలనికి పరిమిత రూపం రాదు. 1830లలో లియోవిల్ కట్టిన సిద్ధాంతంతో ఆ సంగతి నిరూపించవచ్చు. వీటిని ఫ్రెనెల్ సమాకలనులు అంటారు. ఫ్రెనెల్ వాడింది కాంతి వంగడాన్ని లెక్కించడానికి. అంతకు ముందే ఆయిలర్ ఇదే వంపు మీద పని చేశాడు. రోడ్డు, రైలు ఇంజినీర్ల చేతికి వచ్చింది చాలా తర్వాత.

పరిమిత రూపం లేదంటే విలువ లేదని కాదు. cos కు ఘాత శ్రేణి ఉంది:

cos θ = 1 − θ²/2! + θ⁴/4! − θ⁶/6! + …

θ స్థానంలో s²/14000 పెడితే ఇది s లో ఘాత శ్రేణి అవుతుంది: s⁴, s⁸, s¹² అని నాలుగేసి ఘాతాలు దూకుతుంది. sin కు అలాగే s², s⁶, s¹⁰. ఘాతాన్ని సమాకలనం చేయడం పదో తరగతి పిల్లవాడికి చూపించినా వస్తుంది: s⁴ అయితే s⁵/5, s⁸ అయితే s⁹/9. ఒక్కో పదాన్నీ విడివిడిగా సమాకలనం చేసి, మళ్లీ θ తో రాసుకుంటే చక్కగా సర్దుకుంటాయి:

x = s (1 − θ²/10 + θ⁴/216 − θ⁶/9360 + …)
y = s (θ/3 − θ³/42 + θ⁵/1320 − …)

హారాలు ఎక్కడివో కంగారు పడక్కర్లేదు. 10 అంటే 5 × 2!, 216 అంటే 9 × 4!, 9360 అంటే 13 × 6!. y లో 3 × 1!, 7 × 3!, 11 × 5!. ముందున్న 5, 9, 13, అలాగే 3, 7, 11 సమాకలనం ఇచ్చినవి, వెనకున్న ఫాక్టోరియల్స్ cos, sin ఇచ్చినవి.

ఇప్పుడు షీట్‌లోని సూత్రం ఏమిటో కనబడుతుంది. y = s³/(6RL) అంటే sθ/3 కదా, y శ్రేణిలో మొదటి పదం. x = s అన్నది x శ్రేణిలో మొదటి పదం. రెండింటిలోనూ ఒక్కో పదం ఉంచుకుని మిగతావి వదిలేశారు.

ఆ వదిలేసినవి ఎంతో మన కేసులో లెక్కించాం. θ = 0.35, s = 70 పెడితే x శ్రేణిలో పదాలు మీటర్లలో ఇవి: 70, ఆ తర్వాత −0.8575, తర్వాత +0.0049, తర్వాత −0.00001. కలిపితే x = 69.147. y లో 8.1667, −0.0715, +0.0003. కలిపితే y = 8.095. అంటే షీట్ ఆఖరి పెగ్గును (70, 8.167) దగ్గర కొట్టించింది, అది ఉండాల్సింది (69.147, 8.095) దగ్గర. రెండింటి మధ్య 86 సెంటీమీటర్లు. అందులో ఎక్కువ భాగం రోడ్డు వెంటే ఉంది కాబట్టి కంటికి అంతగా తెలియదు. రోడ్డుకు అడ్డంగా ఎంత తేడా ఉందన్నదే ముఖ్యం.

దానికి వృత్త కేంద్రం నుంచి దూరం చూడాలి. స్పైరల్ ఆఖరి బిందువు నుంచి లెక్కిస్తే కేంద్రం (34.858, 102.033) దగ్గర పడుతుంది. సరైన పెగ్గు నుంచి కేంద్రానికి కచ్చితంగా 100 మీటర్లు ఉండాలి. షీట్ కొట్టించిన పెగ్గు నుంచి లెక్క కడితే 100.229. అంటే 23 సెంటీమీటర్లు బయటికి. జూనియర్ చెప్పిన "జానెడు కన్నా ఎక్కువే" అదే. లెక్క, నేల రెండూ ఒకే మాట చెప్పాయి కాబట్టి ఇక వేరే కారణం వెతకలేదు.

తక్కువ పనితో ఇలా తనిఖీ చేసే పద్ధతి నాకు చాలా ఇష్టం: స్పైరల్‌ను ఒక దారిలో, వృత్తాన్ని ఇంకో దారిలో దించి, రెండూ కలిసే చోట చూడటం. రెంటినీ ఒకే షీట్ నుంచి దించి ఉంటే తప్పు కూడా రెంటికీ ఒకటే అయ్యేది, అంతా బాగానే ఉన్నట్టు కనబడేది.

మరి మొదటి పెగ్గులు ఎందుకు బాగున్నాయి? అసలు పాఠం ఇక్కడే ఉంది. x లో వదిలేసిన రెండో పదాన్ని s తో రాస్తే అది s⁵/(40R²L²). అయిదో ఘాతం. దూరం సగమైతే తప్పు 32వ వంతు అవుతుంది. 30 మీటర్ల దగ్గర ఇది 12 మిల్లీమీటర్లు, 50 దగ్గర 16 సెంటీమీటర్లు, 70 దగ్గర 86 సెంటీమీటర్లు. రోడ్డుకు అడ్డంగా పడే తప్పు ఇంకా నిటారుగా లేస్తుంది. ఎందుకంటే x లోని తప్పు అడ్డంగా కనబడాలంటే దాన్ని ఆ చోట రోడ్డు తిరిగిన కోణంతో గుణించాలి, ఆ కోణమే s² లెక్కన పెరుగుతుంది. y లోని తప్పు s⁷. రెండూ కలిస్తే ఏడో ఘాతం. దూరం సగమైతే 128వ వంతు. పెగ్గు వారీగా వేసి చూశాం: 30 మీటర్ల దగ్గర అడ్డంగా మిల్లీమీటరు కూడా లేదు, 40 దగ్గర 5 మిల్లీమీటర్లు, 50 దగ్గర 22, 60 దగ్గర 77, ఆఖర్లో 229. మంచి వ్యాసార్థం ఉన్న పెద్ద రోడ్ల మీద θ చిన్నగా ఉంటుంది కాబట్టి ఈ షీట్ ఏళ్ల తరబడి ఎవరికీ దొరకకుండా పని చేసి ఉంటుంది. గుట్ట పక్క వంపులోకి వచ్చేసరికి బయటపడింది.

ఆ షీట్ ఇచ్చిన కాంట్రాక్టర్ ఇంజినీర్ ఇంకో మాట అన్నాడు: "మాది క్యూబిక్ పారబోలా, అది కూడా ఒప్పుకున్న పద్ధతే కదా." ఆ మాటలో నిజం ఉంది, కానీ ఆ షీట్‌కు అది వర్తించదు. క్యూబిక్ పారబోలా అంటే y = x³/(6RL). ఇందులో ఉన్నది x, టాంజెంట్ వెంట దూరం. షీట్‌లో ఉన్నది s, వంపు వెంట దూరం. x = 69.147 దగ్గర నిజమైన క్యూబిక్ పారబోలా y ని 7.872 అంటుంది. స్పైరల్ 8.095 అంటుంది. అంటే ఒకటి లోటు చూపిస్తే, షీట్ ఎక్కువ చూపించింది. రెండు రకాల మొదటి పదాలు, రెండు వేర్వేరు వైపులకు తప్పుతాయి. డ్రాయింగ్ స్పైరల్‌ది అయినప్పుడు ఏ క్యూబిక్‌నైనా ఇంత పెద్ద కోణానికి వాడకూడదు.

పదాలను విడివిడిగా సమాకలనం చేయడానికి మనకు అధికారం ఎవరిచ్చారు? డిగ్రీలో చెప్పినప్పుడు చాలామంది దీన్ని దాటేస్తారు, సైట్‌లో మాత్రం ఇదే ధైర్యాన్ని ఇస్తుంది. పరిమిత సంఖ్యలో పదాలుంటే మొత్తాన్ని ఒకేసారి చేసినా, విడివిడిగా చేసి కలిపినా ఒకటే. అనంత పదాలకు అది నిజమవుతుందన్న హామీ లేదు. ఘాత శ్రేణికి మాత్రం, దాని అభిసరణ వ్యాసార్థం లోపల ఉన్నంతసేపు, అది నిజం. కారణం సూటిగా చూపించొచ్చు. cos శ్రేణిలో మూడు పదాలు ఉంచుకుని ఆపామనుకోండి. మిగిలిన తప్పు ఎప్పుడూ θ⁶/720 ని దాటదు. 70 మీటర్లలో θ అతి పెద్దదయ్యేది చివర్లో, 0.35. అంటే దారి పొడవునా, ఏ s దగ్గరైనా, తప్పు 0.0000026 కంటే తక్కువ. మొత్తం దారికీ ఒకే హద్దు దొరికింది కాబట్టి ఆ తప్పును సమాకలనం చేసినా 70 × 0.0000026 దాటదు, అంటే 0.2 మిల్లీమీటరు కూడా లేదు. ఇంకా పదాలు చేర్చితే ఈ హద్దు సున్నాకు పోతుంది. ఏకరూప అభిసరణ అని పుస్తకాల్లో ఉండేది ఈ సంగతే.

పైగా సమాకలనం తప్పును ఇంకా తగ్గిస్తుంది. 0.2 మిల్లీమీటరు అన్నది మోటు హద్దు, ఎందుకంటే దారి మొదట్లో తప్పు దాదాపు సున్నా. θ⁶/720 లో s¹² ఉంది. దాన్ని సమాకలనం చేస్తే 13 తో భాగించబడి sθ⁶/9360 వస్తుంది, అంటే 0.014 మిల్లీమీటరు. శ్రేణిలో మనం వదిలేసే మొదటి పదం అదే. అవకలనం చేస్తే ఈ లెక్క తిరగబడుతుంది, పదాలు పెద్దవవుతాయి. సమాకలనం వైపు నడిచినంతసేపు శ్రేణి మనకు అనుకూలమే.

cos, sin ల శ్రేణికి అభిసరణ వ్యాసార్థం అనంతం కాబట్టి స్పైరల్‌కు హద్దు లేదు. అన్నింటికీ ఇలా ఉండదు. పక్కనే ఉదాహరణ ఉంది. ఆ కాంట్రాక్టర్ ఇంజినీర్ చెప్పిన క్యూబిక్ పారబోలా వంపు పొడవు కావాలంటే √(1 + (x²/14000)²) ని సమాకలనం చేయాలి. దానికీ మామూలు జవాబు లేదు. శ్రేణిగా విప్పి పదాలవారీగా చేస్తే x + x⁵/(40R²L²) − … అని వస్తుంది. మొదటి సవరణ అచ్చం మనదే, గుర్తు మాత్రం తిరగబడింది. కానీ ఈ శ్రేణి x²/14000 ఒకటికి లోపల ఉన్నంతవరకే పని చేస్తుంది, అంటే సుమారు 118 మీటర్ల దాకా. ఆ తర్వాత వంపు బాగానే సాగుతుంది, దాని పొడవు కూడా ఉంటుంది, శ్రేణి మాత్రం పదాలు చేర్చేకొద్దీ పాడవుతుంది. 70 మీటర్లలో ఉన్నాం కాబట్టి ఇక్కడ ఇబ్బంది లేదు.

మేం కొత్తగా కట్టిన షీట్ ఇంతే. A లో s, మొదటి వరుసలో శీర్షికలు:

```
B2: =A2^2/14000
C2: =A2*(1-B2^2/10+B2^4/216)
D2: =A2*(B2/3-B2^3/42+B2^5/1320)
E2: =A2*B2^6/9360
```

B లో θ, C లో x, D లో y. E లో వదిలేసిన మొదటి పదం ఉంటుంది. పదాల గుర్తులు మారుతూ, పరిమాణం తగ్గుతూ పోయే శ్రేణిలో అసలు తప్పు ఆ పదాన్ని మించదు కాబట్టి E ని చూస్తే చాలు, C ని నమ్మొచ్చో లేదో తెలుస్తుంది. నిజానికి y కి మూడో పదం అక్కర్లేదు, ఈ వంపులో అది మిల్లీమీటరులో మూడో వంతు కూడా లేదు. x కు మాత్రం మూడోది కావాలి, లేకపోతే 5 మిల్లీమీటర్లు పోతుంది. రెంటికీ మూడేసి ఉంచితే చూసేవాడికి గందరగోళం ఉండదని ఉంచాం.

శ్రేణి మీద నమ్మకం ఉన్నా, అదే శ్రేణితో దాన్ని సరిచూసుకోవడం తనిఖీ కాదు. అందుకే సింప్సన్ పద్ధతితో వేరుగా వేశాం. 70 మీటర్లను నాలుగు సమ భాగాలు చేసి, అయిదు చోట్ల cos, sin విలువలు కాల్కులేటర్‌లో చూసి కలిపితే x = 69.145, y = 8.094 వచ్చాయి. శ్రేణితో పోలిస్తే 2 మిల్లీమీటర్లు, 1 మిల్లీమీటరు తేడా. రెండే భాగాలు చేస్తే తేడా మూడు సెంటీమీటర్లకు పోతుంది, కాబట్టి ఆ తేడా సింప్సన్‌దే, శ్రేణిది కాదు. ఇలా భాగాలు పెంచేకొద్దీ సింప్సన్ శ్రేణి వైపు జరగడం చూశాకే జూనియర్‌కు నమ్మకం కుదిరింది. నాకైతే మూడు పదాల శ్రేణే ఇష్టం. భాగాలు ఎన్ని చేయాలన్న చర్చ ఉండదు, తప్పు ఎంతో పక్క గడిలోనే కనబడుతుంది.

ఇందులో జారిపడే చోట్లు రెండు చెప్పాలి. మొదటిది డిగ్రీలు. డ్రాయింగ్‌లో స్పైరల్ కోణం 20°03' అని రాసి ఉంటుంది. కొందరు B ని లెక్కించకుండా ఆ 20.05 ను అలాగే కొట్టేస్తారు. cos శ్రేణి రేడియన్లలోనే నిజం. 20.05 పెడితే x దాదాపు 50 కిలోమీటర్లు వస్తుంది. అంత పెద్ద తప్పు కాబట్టి మంచిదే, ఎవరైనా పట్టేస్తారు. sin, cos బటన్లు వాడే సింప్సన్ లెక్కలో కాల్కులేటర్ డిగ్రీల్లో ఉండిపోతే ప్రమాదం ఎక్కువ: y దాదాపు సున్నా, x దాదాపు 70 వస్తాయి. x చూసి "పర్వాలేదు" అనుకునే వీలుంది.

రెండోది పెద్ద కోణాలు. మన్ననూరు దాటాక శ్రీశైలం వైపు ఘాట్ రోడ్డులో ఉండేలాంటి హెయిర్‌పిన్ వంపుకు ఇదే షీట్ పనికొస్తుందా అని సైట్ సూపర్వైజర్ అడిగాడు. వ్యాసార్థం 15 మీటర్లు, స్పైరల్ 20 మీటర్లు అనుకుంటే, B లో 14000 బదులు 2RL = 600 పెట్టాలి, చివర్లో θ = 0.667. చూడటానికి భయంగా ఉన్నా E లో 0.2 మిల్లీమీటరే వస్తుంది. స్పైరల్ పొట్టిది కాబట్టి బతికిపోతాం. అదే 15 మీటర్ల వ్యాసార్థానికి 60 మీటర్ల స్పైరల్ ఎవరైనా గీస్తే θ = 2 అవుతుంది, E లో 41 సెంటీమీటర్లు కనబడుతుంది. అప్పుడు శ్రేణి తప్పు కాదు, పదాలే చాలవు. ఇంకో రెండు పదాలు చేర్చితే మళ్లీ మిల్లీమీటరు లోపలికి వస్తుంది. θ ఇంకా పెరిగి 20 లాంటి విలువలకు పోతే శ్రేణి సిద్ధాంతంలో అభిసరిస్తూనే ఉంటుంది గానీ మధ్య పదాలు లక్షల్లోకి పోయి ఒకదాన్నొకటి కొట్టేసుకోవాలి, కంప్యూటర్ దగ్గర ఉన్న పదిహేను అంకెల్లో సగం దాకా ఆ కొట్టివేతలోనే పోతాయి. రోడ్డు పనిలో ఆ పరిస్థితి రాదు.

సైట్‌లో మిగిలిన పని తక్కువే. అడ్డంగా 5 మిల్లీమీటర్లు మా పెగ్గు కొట్టే తప్పులో కలిసిపోతుంది కాబట్టి 40 మీటర్ల దాకా పెగ్గులు కదపలేదు. రెండు స్పైరల్స్‌లోనూ 50, 60, 70 మీటర్ల పెగ్గులు పీకి కొత్త విలువలతో మళ్లీ కొట్టాం: x వరుసగా 49.841, 59.604, 69.147, y వరుసగా 2.969, 5.119, 8.095. కదపని పెగ్గులకు x సవరణ ఉంది, 40 మీటర్ల దగ్గర 5 సెంటీమీటర్లు, కానీ అది రోడ్డు వెంటే. రోడ్డు వెంట దూరాలు రాసే చైనేజ్ పుస్తకంలో రాసుకుంటే సరిపోతుంది. చెరువు కట్ట వైపు ఉన్న స్పైరల్‌లో బయటికి పోయిన 23 సెంటీమీటర్లు వెనక్కి రావడంతో కట్ట పాదం దగ్గర అదనంగా మట్టి పోయాల్సిన పని తప్పింది. సూపర్వైజర్‌కు అసలు టెన్షన్ దాని గురించే.

తర్వాత వృత్త కేంద్రం మీద స్టేషన్ పెట్టి రెండు వైపులా ఆఖరి పెగ్గులను కొలిచాం. రెండూ 100 మీటర్లకు 5 మిల్లీమీటర్ల లోపల కూర్చున్నాయి. పాత షీట్‌ను తీసేయమని చెప్పలేదు, చెప్పినా ఎవరూ తీసేయరు. దాని మొదటి వరుసలో "θ 0.1 దాటితే వాడొద్దు" అని రాయించాం. కొత్త షీట్‌లో E గడి 1 మిల్లీమీటరు దాటితే ఎర్రగా మారేలా పెట్టాం.